రద్దు నోటీసు పోస్టులోనే పంపాలంటే: ఏ పద్ధతి ఎంతవరకు రుజువు?

ఫొటోకాపీ యంత్రం నిర్వహణకు సంబంధించిన ఒప్పందం ఒకటి తీసుకుందాం. గడువు 31 డిసెంబరు 2026తో ముగుస్తుంది. పద్నాలుగో నిబంధన ఇలా ఉంది: "రద్దు నోటీసు లిఖితపూర్వకంగా, రిజిస్టర్డ్ పోస్టు ద్వారా, ఈ ఒప్పందంలో పేర్కొన్న చిరునామాకు పంపాలి. గడువు ముగియడానికి కనీసం 60 రోజుల ముందు అది అందాలి. సెలవు రోజున అందిన నోటీసు మరుసటి పనిదినాన అందినట్టు లెక్క. నోటీసు రాని పక్షంలో ఒప్పందం మరో 12 నెలలు కొనసాగుతుంది."

ఫోన్ చేసి చెప్పడం, ఈమెయిలు పంపడం, వచ్చిన మెకానిక్‌తో "ఇక వద్దు" అనడం, వీటిలో ఏదీ ఈ నిబంధనకు సరిపోదు. ఉత్తరం రాయాలి, పోస్టు చేయాలి. అక్కడే చాలామంది ఆగిపోతారు. మామూలు పోస్టా, రిజిస్టర్డా, అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు జోడించాలా, కొరియర్ అయితే త్వరగా చేరుతుందా, స్వయంగా వెళ్లి ఇచ్చి రావడం మేలా? ఒప్పందాల ఫైళ్లు చూసే పనిలో ఈ ప్రశ్న నాకు లెక్కలేనన్నిసార్లు ఎదురైంది. "అన్నిటికన్నా గట్టిది పంపండి" అన్నది తేలికైన జవాబు, కానీ తరచూ తప్పు జవాబు. గట్టిదనుకున్న పద్ధతే కొన్నిసార్లు నోటీసును వెనక్కి తెచ్చి మన చేతిలో పెడుతుంది. అలా ఎందుకు జరుగుతుందో కింద వస్తుంది. ముందు ఎంపికను తేల్చే ప్రశ్నలు చూద్దాం.

పంపితే చాలా, అందాలా?

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. నిబంధనలో ఉన్న క్రియాపదాన్ని వెతకండి. "పంపాలి" అని మాత్రమే ఉంటే పోస్టు చేసిన తేదీ లెక్కకు వస్తుందని వాదించే వీలుంది. "అందాలి", "ఇవ్వాలి", "తెలియజేయాలి" అని ఉంటే చేరిన తేదీయే లెక్క. కొన్ని ఒప్పందాల్లో మూడో రకం ఉంటుంది: "పోస్టు చేసిన రెండో పనిదినాన అందినట్టు భావిస్తాం" అని. మీ ఒప్పందంలో ఇలాంటి వాక్యం ఉంటే అది మీకు పెద్ద ఆస్తి. చాలా సందర్భాల్లో సరైన చిరునామాతో, సరైన పద్ధతిలో, ఫలానా రోజున పోస్టు చేశారని చూపిస్తే సరిపోతుంది. బట్వాడా రుజువు కోసం అంతగా వెంటపడక్కరలేదు.

ఉత్తరం పోస్టు డబ్బాలో పడిన క్షణమే పని పూర్తయిందన్న నమ్మకం చాలామందిలో ఉంది. దానికి మూలం 1818లో ఇంగ్లండులో వచ్చిన ఆడమ్స్-లిండ్‌సెల్ తీర్పు. అయితే ఆ సూత్రం ఒక ప్రతిపాదనకు అంగీకారం తెలిపే ఉత్తరాలకు పుట్టింది, రద్దు నోటీసులకు కాదు. హోల్‌వెల్ సెక్యూరిటీస్-హ్యూస్ కేసులో ఆ తేడా స్పష్టంగా బయటపడింది. ఒక ఆస్తిని కొనే హక్కును ఆరు నెలల్లోగా యజమానికి రాతపూర్వక నోటీసు ఇచ్చి వాడుకోవాలన్నది అక్కడి షరతు. 1972 ఏప్రిల్‌లో ఉత్తరం పోస్టు చేశారు, అది చేరలేదు. యజమానికి నోటీసు "ఇవ్వాలి" అన్నప్పుడు అది ఆయనకు చేరాల్సిందేనని అప్పీలు కోర్టు చెప్పింది. చిరునామా తప్పు కాదు, పంపినవారి నిర్లక్ష్యమూ లేదు. అయినా హక్కు పోయింది.

చెప్పిన పద్ధతి తప్పనిసరా, సౌకర్యం కోసమా?

రిజిస్టర్డ్ పోస్టు అన్నచోట మామూలు పోస్టులో పంపితే, అది వేళకు చేరితే చెల్లుతుందా? యేట్స్ బిల్డింగ్ కేసులో (1975) సరిగ్గా ఇదే జరిగింది. రిజిస్టర్డ్ లేదా రికార్డెడ్ డెలివరీ పోస్టులో పంపాలని ఉండగా మామూలు పోస్టులో పంపారు, గడువులోగా చేరింది. ఆ పద్ధతి చెప్పింది నోటీసు చేరేలా చూడటానికే గనుక, చేరాక పద్ధతిని పట్టుకుని కొట్టేయకూడదని కోర్టు తేల్చింది. కానీ ప్రతి నిబంధనా అంత దయగలది కాదు. 1997 నాటి మానాయ్ కేసులో న్యాయమూర్తి లార్డ్ హాఫ్‌మన్ ఒక పోలిక చెప్పారు: నోటీసు నీలం కాగితం మీద ఉండాలని నిబంధన అంటే గులాబీ కాగితం మీద ఇచ్చి లాభం లేదు. నిబంధనలో "మాత్రమే", "వేరే విధంగా పంపిన నోటీసు చెల్లదు" వంటి మాటలుంటే అది నీలం కాగితం షరతు అనుకోండి.

ఈ తీర్పులు ఇంగ్లీషు న్యాయసంప్రదాయానివి. మీకు వర్తించే చట్టం వేరు కావచ్చు. నేను తీసుకునే పాఠం మాత్రం ఎక్కడైనా ఒకటే: అడిగిన పద్ధతిలో ఒకటి తప్పక పంపాలి. మిగతావి దానికి తోడు మాత్రమే, దాని స్థానంలో కాదు.

ఎవరికి, ఏ చిరునామాకు?

బిల్లు మీద ఉన్న చిరునామా, వెబ్‌సైటులో ఉన్న చిరునామా, ఒప్పందంలో నోటీసులకని రాసిన చిరునామా వేరువేరుగా ఉండటం మామూలే. ఒప్పందంలోదే సరైనది. తర్వాత "మా కొత్త నోటీసు చిరునామా ఇది" అని వాళ్లు రాతలో తెలియజేసి ఉంటే అది. సందేహం ఉంటే రెండింటికీ పంపండి. రెండో కవరు ఖర్చు ఎంతైనా, అదనపు ఏడాది చెల్లింపుల ముందు అది లెక్కలోకి రాదు.

కవరు చేరితే ఉత్తరం చేరినట్టేనా?

దీని గురించి ఆలోచించేవాళ్లు తక్కువ. రిజిస్టర్డ్ రసీదు ఒక కవరు వెళ్లిందని చెబుతుంది. బట్వాడా సంతకం ఒక కవరు చేరిందని చెబుతుంది. ఆ కవరులో ఏముందో రెండూ చెప్పవు. "మాకు ఖాళీ కవరు వచ్చింది", "అందులో పాత బిల్లు నకలు ఉంది" అని అవతలివారు అంటే మీ చేతిలో రసీదు తప్ప మరేమీ లేదు.

కొన్ని దేశాల తపాలా వ్యవస్థలు ఈ చిక్కును సూటిగా పరిష్కరించాయి. జపాన్‌లో "నైయో షోమే" అనే సేవ ఉంది. ఒకే ఉత్తరాన్ని మూడు ప్రతులుగా ఇవ్వాలి. ఒకటి అందుకునేవారికి వెళుతుంది, ఒకటి పోస్టాఫీసు దగ్గర ఉంటుంది, ఒకటి ముద్ర వేసి మనకు ఇస్తారు. ఏం రాశారన్నది తపాలా సంస్థే ధ్రువీకరిస్తుంది. కొరియాలోనూ ఇలాంటిదే ఉంది. రష్యాలో కవరులో ఉన్నవాటి జాబితాను పోస్టాఫీసు గుమాస్తా సరిచూసి ముద్ర వేస్తాడు. ఇటలీలో కవరే లేకుండా ఉత్తరాన్ని మడిచి రిజిస్టర్ చేసే పద్ధతి ఉంది. ముద్ర ఉత్తరం కాగితం మీదే పడుతుంది కాబట్టి కవరులో ఏముందన్న వాదనకే తావుండదు. మీ తపాలా సేవలో ఇలాంటిది ఉంటే, ఒప్పందం విలువ పెద్దదైతే, మరో ఆలోచన లేకుండా అదే తీసుకోండి. ఒక్క జాగ్రత్త: జపాన్ పద్ధతిలో విషయ ధ్రువీకరణ వేరు, బట్వాడా ధ్రువీకరణ వేరు. రెండోదాన్ని విడిగా అడిగి జోడించుకోవాలి.

అలాంటి సేవ లేనిచోట మనమే ముడి వేయాలి. బుకింగ్ నంబరును ఉత్తరం పైభాగంలో రాయండి. ముందుగా లేబుల్ తీసుకునే వీలుంటే ఉత్తరంలోనే ఆ నంబరు అచ్చవుతుంది. వీలు లేకపోతే కవరు మూయకుండా కౌంటరుకు వెళ్లి, నంబరు రాగానే ఉత్తరం మీదా, మన నకలు మీదా చేత్తో రాసి, అప్పుడు మూయండి. కవరులో పెట్టడం చూసిన మనిషి ఒకరు ఉండాలి, కుటుంబ సభ్యుల కన్నా బయటివారైతే మేలు. ఆ మనిషి నకలు వెనుక "ఈ ఉత్తరాన్ని చదివాను, ఫలానా నంబరు కవరులో పెట్టి మూయడం చూశాను" అని రాసి తేదీ, సంతకం పెడితే చాలు. ఇది అయిదు నిమిషాల పని.

ఇక పద్ధతులు ఒక్కొక్కటిగా

*మామూలు పోస్టు, పోస్టు చేసినట్టు ధ్రువపత్రంతో.* కౌంటరులో కవరు చూపిస్తే చిరునామా, తేదీ ఉన్న చీటీ మీద ముద్ర వేసి ఇస్తారు. సేవ ఉన్నచోట ఇది చవక. కొన్నిచోట్ల ఉచితం. చేరిందని ఇది చెప్పదు. కానీ దీనిలో ఒక సుగుణం ఉంది: సంతకం అడగదు గనుక తలుపు తాళం వేసి ఉన్నా పెట్టెలో పడుతుంది, తిరిగి రావడం అరుదు. "పంపితే చాలు" నిబంధనకూ, "రెండో పనిదినాన అందినట్టు" నిబంధనకూ ఇది సరిపోతుంది, రిజిస్టర్డే కావాలని షరతు లేకపోతే. "అందాలి" నిబంధనకు ఇదొక్కటే పంపడం జూదం.

*సంతకంతో బట్వాడా అయ్యే రిజిస్టర్డ్ పోస్టు.* అందరూ ముందు ఎంచుకునేది ఇదే, ఒప్పందాలు ఎక్కువగా అడిగేదీ ఇదే. రసీదులో తేదీ ఉంటుంది, చేరితే సంతకం ఉంటుంది. ఇబ్బందల్లా ఆ సంతకంతోనే. అందుకునేవారు లేకపోతే పోస్టుమాన్ చీటీ వదిలి వెళతాడు. ఉత్తరం కొన్నాళ్లు పోస్టాఫీసులో ఎదురుచూసి, ఎవరూ రాకపోతే మీకే తిరిగి వస్తుంది. "అందాలి" నిబంధన కింద ఆ తిరుగు ప్రయాణంలోనే గడువు దాటిపోవచ్చు.

తిరిగి వచ్చిన కవరు మీద ఏం రాశారన్నది ఇక్కడ నిర్ణయిస్తుంది. "తీసుకోవడానికి నిరాకరించారు" అని ఉంటే మీ పరిస్థితి చాలావరకు బాగున్నట్టే. నోటీసు చేతికి అందబోతుంటే తోసేసినవాడు అందలేదని చెప్పుకోవడాన్ని కోర్టులు సాధారణంగా మెచ్చవు. "చీటీ ఇచ్చాం, ఎవరూ తీసుకోలేదు" అనేది మధ్యరకం, చట్టాన్ని బట్టి ఎటైనా వెళ్లవచ్చు. "ఈ చిరునామాలో లేరు" అని ఉంటే మీరు ఒప్పందంలోని చిరునామాకే పంపారని చూపగలగాలి. "చిరునామా అసంపూర్ణం" అని ఉంటే తప్పు మీదే, మళ్లీ పంపాలి. ఏదైనా సరే, తిరిగి వచ్చిన కవరును చింపకండి. మూసి ఉన్న ఆ కవరే లోపల ఏముందో, ఎప్పుడు పంపారో చెప్పే సాక్ష్యం. కుతూహలంతో దాన్ని తెరిచిన మనిషిని నేనెరుగుదును. ఆ తర్వాత ఆయన వాదన సగం బరువు కోల్పోయింది.

*అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు జోడించిన రిజిస్టర్డ్.* అందుకున్నవారు సంతకం పెట్టిన కార్డు పోస్టులో మీ దగ్గరికి తిరిగి వస్తుంది. అంతర్జాతీయ తపాలాలో దీన్ని "ఎ.ఆర్." అని పిలవడానికి కారణం ఫ్రెంచి మాట "అవీ ద రెసెప్స్యోఁ", అంటే అందినట్టు తెలిపే పత్రం. కాగితం మీద అసలు సంతకం చేతిలో ఉండటం దీని బలం. ట్రాకింగ్ వెబ్‌పేజీ కొన్నాళ్లకు మాయమైనా కార్డు మాయం కాదు. కార్డే దారిలో పోవడం, తేదీ రాయకుండా రావడం, గీతలా ఉన్న సంతకం ఎవరిదో తెలియకపోవడం దీని బలహీనతలు. సంతకం గుమాస్తాదైనా కాపలాదారుదైనా కంగారు పడక్కరలేదు. కంపెనీ చిరునామాలో ఉత్తరాలు తీసుకునే మనిషి తీసుకుంటే సాధారణంగా కంపెనీకి చేరినట్టే. కార్డు రాకపోతే మాత్రం ఊరుకోకూడదు. బట్వాడా వివరాలు రాతపూర్వకంగా ఇవ్వమని పోస్టాఫీసుకు దరఖాస్తు పెట్టాలి. వాటిని అడిగే గడువు పరిమితంగా ఉంటుంది కాబట్టి ఆలస్యం చేయకూడదు.

*పెట్టెలో వేసి నమోదు చేసే రిజిస్టర్డ్.* కొన్ని దేశాల్లో రిజిస్టర్డ్ ఉత్తరాన్ని సంతకం అడగకుండా పెట్టెలో వేసి, పోస్టుమాన్ తానే తేదీ నమోదు చేసుకునే రకం ఉంది. జర్మనీలో ఇది బాగా వాడుకలో ఉంది. తాళం వేసిన తలుపు దీన్ని ఆపలేదు గనుక "అందాలి" నిబంధనకు ఇది బాగా సరిపోయేలా కనిపిస్తుంది. అయితే రుజువు ఎంత నిలుస్తుందన్నది వేరే విషయం. ఉద్యోగం రద్దు చేస్తూ పంపిన ఉత్తరం మీద జర్మనీ సమాఖ్య కార్మిక న్యాయస్థానం 2025 జనవరి 30న తీర్పు ఇచ్చింది. పోస్టు చేసిన రసీదు, ఆన్‌లైన్ స్థితి ముద్రించిన కాగితం, ఈ రెండే చూపిస్తే చేరినట్టు ప్రాథమికంగానైనా రుజువు కాదని చెప్పింది. "బట్వాడా అయింది" అని తెరమీద కనిపించే ఒక్క మాటలో ఎవరు, ఏ సమయంలో, ఏ పెట్టెలో వేశారో లేదు కదా. ఈ పద్ధతి వాడితే పోస్టుమాన్ నమోదు చేసిన బట్వాడా పత్రం నకలును తపాలా సంస్థ నుంచి తెప్పించుకోవాలి.

*కొరియర్.* వేగంగా చేరుతుంది, సమయంతో సహా సంతకం దొరుకుతుంది, ఒక్కోసారి తలుపు దగ్గర తీసిన ఫొటో కూడా ఉంటుంది. రుజువుగా చూస్తే రిజిస్టర్డ్ కన్నా తక్కువేమీ కాదు. కానీ నిబంధన "పోస్టు" అన్నప్పుడు ప్రైవేటు కొరియర్ పోస్టు కిందికి వస్తుందా అన్న ప్రశ్న మీరు కోరి తెచ్చుకున్నట్టవుతుంది. పోస్టు బాక్సు నంబరున్న చిరునామాకు చాలా కొరియర్లు వెళ్లవు కూడా. తోడుగా పంపడానికి మంచిది, ఒంటరిగా కాదు.

*స్వయంగా, సాక్షితో.* ఉత్తరం చదివి, కవరులో పెట్టడం చూసి, దాన్ని మోసుకెళ్లి ఇచ్చిన మనిషి ఒక్కరే అయితే విషయమూ బట్వాడా రెండూ ఒకే సాక్ష్యంలో వస్తాయి. విషయ ధ్రువీకరణ లేని తపాలా ఏదీ ఇంత ఇవ్వదు. నకలు మీద కంపెనీ ముద్ర, తేదీ వేయించుకోగలిగితే ఇంకేం కావాలి? గడువు రేపో ఎల్లుండో అన్నప్పుడు ఇదే దారి. ఒప్పందం పోస్టునే అడిగితే అదే రోజు రిజిస్టర్డ్ కూడా చేయాలి.

| పద్ధతి | పంపినట్టు | చేరినట్టు | తిరిగొచ్చే ప్రమాదం | ఎవరికి సరిపోతుంది |
|---|---|---|---|---|
| మామూలు పోస్టు + ధ్రువపత్రం | ఉంది | లేదు | తక్కువ | "పంపితే చాలు" నిబంధన ఉన్నవారికి |
| సంతకంతో రిజిస్టర్డ్ | ఉంది | తీసుకుంటే ఉంది | ఎక్కువ | అవతల పనివేళల్లో మనుషులుండే కార్యాలయం ఉంటే |
| రిజిస్టర్డ్ + కార్డు | ఉంది | కాగితం మీద ఉంది | ఎక్కువ | వివాదం ఏళ్ల తర్వాత రావచ్చనుకునేవారికి |
| పెట్టెలో వేసే రిజిస్టర్డ్ | ఉంది | బట్వాడా పత్రం తెప్పిస్తే | తక్కువ | ఉత్తరాలు తప్పించుకునేవారితో ఒప్పందం ఉంటే |
| కొరియర్ | ఉంది | ఉంది | మధ్యస్థం | తోడుగా మాత్రమే |
| స్వయంగా + సాక్షి | అవసరం లేదు | ఉంది, విషయంతో సహా | తక్కువ | గడువు దగ్గరపడినవారికి |

నా ఎంపిక సాధారణంగా జంటగా ఉంటుంది: ఒప్పందం అడిగిన రిజిస్టర్డ్ ఒకటి, సంతకం అవసరం లేకుండా పెట్టెలో పడేది ఒకటి. మొదటిది నిబంధనను తీరుస్తుంది, రెండోది తాళం వేసిన తలుపును దాటుతుంది. చిన్న నెలవారీ చందా అయితే రెండోది అక్కరలేదు. గడువుకు ఇంకా నెలన్నర ఉంటే మొదటి ఉత్తరం ఏమైందో చూసి రెండోది పంపవచ్చు. వారం కన్నా తక్కువ ఉంటే రెండూ ఒకే రోజున వెళ్లాలి.

ఉత్తరం రాయడం

పోస్టులో ఎంత జాగ్రత్త పడినా ఉత్తరం సందిగ్ధంగా ఉంటే వృథా. ఎక్కువగా చూసే తప్పు "రద్దు చేయాలనుకుంటున్నాం", "రద్దు విధానం తెలియజేయగలరు" అని రాయడం. మొదటిది ఉద్దేశం, రెండోది విచారణ, ఏదీ నోటీసు కాదు. "రద్దు చేస్తున్నాం" అనాలి. రెండో తప్పు ఫిర్యాదులు కలపడం. యంత్రం మూడుసార్లు ఆగిపోయిందని రెండు పేజీలు రాసి చివర రద్దు మాట అంటే, వాళ్లు దాన్ని సేవా విభాగానికి పంపి, మెకానిక్‌ను పంపిస్తామని జవాబు రాస్తారు. ఫిర్యాదుకు వేరే ఉత్తరం రాయండి. నిబంధన కారణం అడగకపోతే కారణం రాయనక్కరలేదు.

> రిజిస్టర్డ్ పోస్టు, అక్నాలెడ్జ్‌మెంట్‌తో. నంబరు: ........
>
> తేదీ: 5 అక్టోబరు 2026
>
> విషయం: ........ తేదీ నాటి ........ నంబరు ఒప్పందం, 14వ నిబంధన కింద రద్దు నోటీసు
>
> పై ఒప్పందాన్ని 14వ నిబంధన ప్రకారం ఈ లేఖ ద్వారా రద్దు చేస్తున్నాము. ఒప్పందం 31 డిసెంబరు 2026తో ముగుస్తుంది. ఆ తర్వాతి కాలానికి పొడిగింపు మాకు సమ్మతం కాదు.
>
> ఏ కారణం చేతనైనా ఆ తేదీకి రద్దు వర్తించకపోతే, ఒప్పందం ప్రకారం రద్దు సాధ్యమయ్యే తొలి తేదీ నుంచి ఈ నోటీసు అమలవుతుంది.
>
> నోటీసు అందినట్టు, ఒప్పందం ముగిసే తేదీతో సహా రాతపూర్వకంగా తెలియజేయగలరు. మీ జవాబు రాకపోయినా ఈ నోటీసు అమల్లో ఉంటుంది.
>
> (సంతకం, పూర్తి పేరు, హోదా)

రెండో పేరా చిన్నదే కానీ విలువైనది. తేదీ లెక్కలో ఒక రోజు తప్పినా నోటీసు మొత్తం పడిపోకుండా అది ఆదుకుంటుంది. ఇందాక చెప్పిన మానాయ్ కేసు పుట్టింది అలాంటి తప్పుతోనే: 13 జనవరి అని రాయాల్సినచోట 12 జనవరి అని రాశారు. చదివినవారికి అసలు ఉద్దేశం అర్థమవుతుందని నోటీసును నిలబెట్టారు, కానీ న్యాయమూర్తులు ముగ్గురు అటు, ఇద్దరు ఇటు. అంత దగ్గరగా గెలవాల్సిన అవసరం మనకెందుకు?

సంతకం ఒప్పందంలో ఉన్న పేరుతోనే ఉండాలి. ఒప్పందం సంస్థ పేరున ఉంటే సంస్థ తరఫున సంతకం చేసే అధికారం ఉన్నవారే పెట్టాలి. ఇద్దరు కలిసి సంతకం చేసిన ఒప్పందమైతే రద్దుకూ ఇద్దరూ సంతకం చేయడం మంచిది. రెండు పద్ధతుల్లో పంపుతుంటే రెండు కవర్లలోనూ అదే తేదీతో అదే ఉత్తరం ఉండాలి. రెండోదాని మీద "రిజిస్టర్డ్ పోస్టులో పంపిన నోటీసు ప్రతి" అని రాయాలి. లేకపోతే ఏది అసలు నోటీసు అన్న గొడవ మొదలవుతుంది.

తేదీల లెక్క, చివరిదాకా ఒక ఉదాహరణ

మన ఫొటోకాపీ ఒప్పందానికి వద్దాం. కనీసం 60 రోజుల ముందు అందాలి. జాగ్రత్త కోసం అందిన రోజునూ, ముగిసే రోజునూ లెక్కలోంచి తీసేస్తాను. నవంబరు 1 నుంచి డిసెంబరు 30 వరకు సరిగ్గా 60 రోజులు. అంటే నోటీసు అక్టోబరు 31 లోగా అందాలి. 2026లో ఆ రోజు శనివారం. కార్యాలయానికి సెలవైతే నిబంధన ప్రకారం అది సోమవారం, నవంబరు 2న అందినట్టు లెక్క, అంటే ఆలస్యం. కాబట్టి అసలైన చివరి రోజు అక్టోబరు 30, శుక్రవారం. క్యాలెండరులో నేను గుర్తు పెట్టేది మాత్రం అక్టోబరు 5, సోమవారం. ఒక ఉత్తరం తిరిగి వచ్చి, రెండోది వెళ్లి చేరడానికి కావలసిన వ్యవధి అది.

అక్టోబరు 5న ఉత్తరం సాక్షి ముందు కవరులోకి వెళ్లింది, కార్డుతో రిజిస్టర్ అయింది. రసీదును వెంటనే ఫొటో తీశాం, ఎందుకంటే ఆ రసీదుల అచ్చు కొన్ని నెలల్లో వెలిసిపోతుంది. 8న ట్రాకింగ్‌లో "తలుపు తాళం, చీటీ వదిలాం" అని కనిపించింది. ఆ పేజీని తేదీ, చిరునామా కనిపించేలా దాచుకున్నాం. 12 నాటికి ఎవరూ తీసుకోలేదు. ఇక ఎదురుచూడటంలో అర్థం లేదు. అదే ఉత్తరం ప్రతిని పెట్టెలో వేసే రిజిస్టర్డ్‌లో పంపాం. ఆ సేవ లేనిచోట మరో రిజిస్టర్డ్‌ను బుక్ చేసి, ప్రతి ఒకటి సాక్షి చేత కార్యాలయం పెట్టెలో వేయిస్తే దాదాపు అదే బలం వస్తుంది. 15న అది చేరినట్టు నమోదైంది, బట్వాడా పత్రం నకలు కోసం ఆ రోజే దరఖాస్తు పెట్టాం. 19న మొదటి కవరు "తీసుకోలేదు" అన్న ముద్రతో తిరిగి వచ్చింది. దాన్ని తెరవకుండా ఫైలులో పెట్టాం.

21న కంపెనీ నుంచి ఈమెయిలు వచ్చింది: "మీ రద్దు అభ్యర్థన అందింది. కొత్త రాయితీల గురించి మాట్లాడటానికి మా ప్రతినిధికి ఫోన్ చేయండి." ఇందులో "అభ్యర్థన" అన్న మాట చూసి కోపం రావచ్చు. కానీ "అందింది" అన్న మాట తపాలా కాగితాలన్నిటికన్నా విలువైనది, గడువుకు తొమ్మిది రోజుల ముందే వాళ్లు తమ చేతులతో రాసిచ్చారు. ఫోన్ చేయనక్కరలేదు. "మా 5 అక్టోబరు నాటి లేఖ అభ్యర్థన కాదు, రద్దు నోటీసు. అది అందినట్టు మీ ఈమెయిలు ధ్రువీకరిస్తోంది. ఒప్పందం 31 డిసెంబరు 2026న ముగుస్తుంది" అని మూడు వాక్యాల్లో బదులిచ్చి, రెండు ఈమెయిళ్లనూ ముద్రించి అదే ఫైలులో పెట్టాలి. ఫోన్‌లో మాట్లాడితే "సరే, ఇంకో నెల చూద్దాం" అన్న ఒక్క మాట నోటీసును ఉపసంహరించుకున్నట్టు చూపడానికి వాళ్లకు పనికొస్తుంది.

డిసెంబరు 31 వరకు చెల్లింపులు ఆపకండి. నోటీసు ఇచ్చేశాం కదా అని మధ్యలో ఆపితే రద్దు సంగతి పక్కకు పోయి బకాయి గొడవ ముందుకు వస్తుంది. జనవరి బిల్లు వస్తే నోటీసు నకలు, బట్వాడా పత్రం, 21 నాటి ఈమెయిలు జతచేసి తిరిగి పంపండి. బ్యాంకులో ఆటోమేటిక్ చెల్లింపు ఉంటే చివరి వాయిదా వెళ్లిన మర్నాడే దాన్ని ఆపించండి. రసీదు, సాక్షి రాసిచ్చిన నకలు, తెరవని కవరు, ట్రాకింగ్ ముద్రణ, కార్డు లేదా బట్వాడా పత్రం, ఇవన్నీ ఒప్పందపు బకాయిల మీద దావా వేయడానికి చట్టం ఇచ్చే కాలం ముగిసేదాకా ఒకే చోట ఉండాలి.